ఫైవ్ ఇయర్ ప్లానా, ఫైవ్ ఇయర్స్ ప్లానా?

జై ఆంధ్ర ఉద్యమం తర్వాత 1973 సెప్టెంబరులో కుదిరిన ఒప్పందాన్ని మనం ‘ఆరు సూత్రాల పథకం’ అంటాం. గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్లకు ఇది కంఠతా వచ్చిన పేరు. ఇంగ్లిష్ పుస్తకాల్లో అదే ‘సిక్స్ పాయింట్ ఫార్ములా’. రెండేళ్ల తర్వాత, ఎమర్జెన్సీ మొదట్లో ఇందిరాగాంధీ ప్రకటించింది ‘ఇరవై సూత్రాల కార్యక్రమం’. ఇంగ్లిష్‌లో ‘ట్వెంటీ పాయింట్ ప్రోగ్రామ్’. తెలుగులో సూత్రాలు ఆరైనా ఇరవై అయినా బహువచనమే. ఇంగ్లిష్‌లో పాయింట్లు ఎన్ని ఉన్నా ‘పాయింట్’ అనే మాట ఏకవచనంలోనే నిలబడిపోయింది. పంచవర్ష ప్రణాళికదీ ఇదే తీరు. అది ‘ఫైవ్ ఇయర్ ప్లాన్’ తప్ప ‘ఫైవ్ ఇయర్స్ ప్లాన్’ కాదు.

ఇంగ్లిష్‌లో రాసే మన కాగితాలను దిద్దేవాళ్లకు ఈ ‘ఎస్’ అక్షరంతో రోజూ పని పడుతుంది. కాలేజీ ప్రాస్పెక్టస్, ఉద్యోగ దరఖాస్తు, లీజు ఒప్పందం, ఆఫీసు సర్క్యులర్... ఏది తీసుకున్నా ‘టూ ఇయర్స్ కోర్స్’, ‘త్రీ డేస్ వర్క్‌షాప్’, ‘టెన్ రూపీస్ నోట్’ కనిపిస్తాయి. రాసినవాళ్లు చదువు తక్కువవాళ్లేమీ కారు. ఇంగ్లిష్ మీడియంలో చదివి, ఇంగ్లిష్‌లోనే ఉద్యోగం చేసేవాళ్లు కూడా ఇక్కడ జారుతుంటారు. కారణం వాళ్ల ఇంగ్లిష్‌లో లేదు, మన తెలుగులో ఉంది.

తెలుగులో ఒక వస్తువుకు కొలత చెప్పాలంటే బహువచనాన్నే వాడి, చివరి ‘లు’ను ‘ల’గా మారుస్తాం. ఏళ్లు, ఏళ్ల. రోజులు, రోజుల. రూపాయలు, రూపాయల. ఐదేళ్ల ప్రణాళిక, మూడు రోజుల పెళ్లి, పది రూపాయల నోటు, నాలుగు కాళ్ల మంచం. ‘ఐదు ఏడు ప్రణాళిక’ అంటే మనకు అర్థమే కాదు. ఆ అలవాటుతోనే ఇంగ్లిష్ రాసేటప్పుడు ‘ఏళ్ల’ ఉన్నచోట ‘ఇయర్స్’, ‘రోజుల’ ఉన్నచోట ‘డేస్’ వచ్చి కూర్చుంటాయి. తెలుగు వ్యాకరణం ప్రకారం చూస్తే అది పూర్తిగా సబబైన పనే. అందుకే రాసినవాడి చెవికి అందులో తప్పేమీ తోచదు.

అయితే రెండో పద్ధతి కూడా మన భాషలో లేకపోలేదు. ‘పంచవర్ష’ అన్నప్పుడు వర్షం ఒక్కటే, బహువచనం ఎక్కడా లేదు. త్రిభాషా సూత్రం, పంచముఖ ఆంజనేయుడు, నవగ్రహ పూజ కూడా అంతే. ఇవి సంస్కృత సమాసాలు కదా అంటారేమో, అచ్చతెలుగు ‘ముక్కంటి’ని చూడండి. శివుడికి కళ్లు మూడు. విడదీసి చెబితే ‘మూడు కళ్ల వాడు’ అంటాం, బహువచనం వస్తుంది. సమాసం చేస్తే ‘ముక్కంటి’ అంటాం, కన్ను ఏకవచనంలోకి వెళ్లిపోతుంది. సమాసంలో చేరాక ఆ మాట కళ్లను లెక్కపెట్టడం మానేసి శివుడు ఎలాంటివాడో చెబుతుంది. ఇంగ్లిష్ ‘ఫైవ్-ఇయర్’ చేసేదీ ఇదే పని. ‘ఫైవ్ ఇయర్స్’ అంటే లెక్క. ‘ఫైవ్-ఇయర్’ అంటే ఆ ప్రణాళిక ఏ రకానిదో చెప్పే విశేషణం. రెంటినీ కలిపి ఒక్క మాట చేశామని చూపించడానికే మధ్యలో హైఫన్.

ఇది ఎవరో వ్యాకరణవేత్త కూర్చుని పెట్టిన నియమం కాదు. పాత ఇంగ్లిష్‌లో అంకె తర్వాత వచ్చే కొలత మాటకు షష్ఠీ బహువచన ప్రత్యయం ఉండేది. అది ఒక చిన్న అచ్చు శబ్దం. కాలక్రమంలో మాటల చివరి అచ్చులు అరిగిపోయినప్పుడు అదీ పోయింది. మిగిలిన రూపం చూడటానికి ఏకవచనంలా ఉంది. ‘టెన్ ఫుట్ పోల్’లో ‘ఫీట్’ రాకుండా ‘ఫుట్’ ఉండిపోవడానికి మూలం అక్కడుంది. ‘ఇయర్’కు పాత రూపంలో ఏకవచనం, బహువచనం ఒకేలా ఉండేవి. పక్షపత్రికను ‘ఫోర్ట్‌నైట్లీ’ అంటాం కదా, అందులోని ‘ఫోర్ట్‌నైట్’ కూడా పద్నాలుగు రాత్రుల నుంచి వచ్చిందే. రాత్రులు పద్నాలుగైనా ‘నైట్స్’ లేదు.

ఇంకో సంగతి ఉంది. ఈ నియమాన్ని మనం ఎప్పటినుంచో తప్పులేకుండా పాటిస్తున్నాం. ‘ఫైవ్ స్టార్స్ హోటల్’ అని ఎవరైనా అనగా విన్నారా? త్రీ ఫేజ్ కరెంటు, ఫోర్ లేన్ రోడ్డు, ఫోర్ స్ట్రోక్ ఇంజన్, టూ వీలర్, సిక్స్ ప్యాక్... ఇంగ్లిష్ రానివాళ్లు కూడా వీటిని ఇలాగే పలుకుతారు. ఫేజులు మూడని, లేన్లు నాలుగని అందరికీ తెలుసు, అయినా ‘ఎస్’ చేర్చరు. ఈ మాటలు ముక్కలుగా కాకుండా మొత్తంగా మన నోటికి వచ్చాయి కాబట్టి తెలుగు అలవాటు వాటి జోలికి పోలేదు. ఏళ్లు, నెలలు, రోజులు, రూపాయల దగ్గరికి వచ్చేసరికి మనం మాటకు మాట కూర్చుకుంటాం. తప్పు అక్కడే దొర్లుతుంది. అందుకే అనుమానం వచ్చినప్పుడు సూత్రం గుర్తు చేసుకోవడం కంటే, ఆ మాటను ‘ఫైవ్ స్టార్ హోటల్’ పక్కన పెట్టి పలికి చూడటం మేలు. ‘ఫైవ్ స్టార్ హోటల్, ఫైవ్ ఇయర్ ప్లాన్.’ ‘త్రీ ఫేజ్ మోటర్, త్రీ డే వర్క్‌షాప్.’ చెవి తానే దారి పట్టిస్తుంది.

అయితే ‘ఎస్’ కనిపించిన ప్రతిచోటా కొట్టేస్తూ పోతే కొత్త తప్పులు పుడతాయి. ఏది కొట్టాలో, ఏది ఉంచాలో తేల్చుకోవడానికి ఒక లా కాలేజీ ప్రాస్పెక్టస్‌ను ఊహించుకుందాం. అందులోని మాటలను ఒక్కొక్కటే తీసుకుందాం.

మొదటిది, ‘ఎ ఫైవ్ ఇయర్స్ ఇంటిగ్రేటెడ్ లా కోర్స్’. ఇక్కడ ముందున్న ‘ఎ’ను పట్టుకోవాలి. ‘ఎ’ ఒక్కదానికే వస్తుంది. ఏళ్లు ఐదు కాబట్టి అది ఏళ్లది కాదు, చివరనున్న ‘కోర్స్’ది. ‘ఎ’కూ ‘కోర్స్’కూ మధ్య ఉన్నదంతా ఆ కోర్సును వర్ణించేదే. కాబట్టి ‘ఎస్’ పోవాలి, హైఫన్ రావాలి: ‘ఎ ఫైవ్-ఇయర్ ఇంటిగ్రేటెడ్ లా కోర్స్’. ‘ఇంటిగ్రేటెడ్’, ‘లా’ అనే మాటలు అడ్డొచ్చి దూరం పెరిగిందని నియమం మారదు. ఇలా దూరం పెరిగినప్పుడే ఎక్కువమంది ‘ఎస్’ను వదిలేస్తారు.

రెండోది, ‘త్రీ అండ్ ఫైవ్ ఇయర్స్ కోర్సెస్’. కోర్సులు రెండు రకాలు కాబట్టి ‘కోర్సెస్’ అన్నది సరే. ఆ బహువచనం ‘ఇయర్’ మీదికి పాకకూడదు. ‘త్రీ- అండ్ ఫైవ్-ఇయర్ కోర్సెస్’ అని రాయాలి. ‘త్రీ’ తర్వాత ఒక హైఫన్ గాలిలో వేలాడుతున్నట్టు కనిపిస్తుంది కానీ అది అచ్చుతప్పు కాదు. ‘ఇయర్’ అనే మాట ముందుందని, దాన్ని ఇక్కడికీ కలుపుకొని చదవమని చెప్పే గుర్తు అది.

మూడోది, ‘ఫ్యాకల్టీ విత్ టెన్ ఇయర్స్ ఎక్స్‌పీరియన్స్’. ఇక్కడ ‘ఎస్’ కొట్టకూడదు. ‘ఎక్స్‌పీరియన్స్’ను ఈ అర్థంలో లెక్కపెట్టలేం, ముందు ‘ఎ’ కూడా లేదు. మాటను తిప్పి ‘ఎక్స్‌పీరియన్స్ ఆఫ్ టెన్ ఇయర్స్’ అంటే అర్థం చక్కగా కుదురుతోంది. అంటే ఇది షష్ఠీ విభక్తి, పదేళ్ల యొక్క అనుభవం. ‘ఇయర్స్’లో ‘ఎస్’ తర్వాత ఒక అపాస్ట్రఫీ పెడితే చాలు: ‘టెన్ ఇయర్స్’ ఎక్స్‌పీరియన్స్’. ఉద్యోగ దరఖాస్తుల్లో అందరికన్నా ఎక్కువగా వాడే మాట ఇదే. అపాస్ట్రఫీ ఎక్కువగా తప్పిపోయేదీ ఇక్కడే. నెల రోజుల నోటీసు, మూడేళ్ల జైలుశిక్ష లాంటివి కూడా ఈ కోవలోవే.

నాలుగోది, ‘ది హాస్టల్ ఈజ్ ఎ టెన్ మినిట్స్ వాక్’. ఇది రెండు పడవల మీద కాళ్లు పెట్టిన వాక్యం. ‘ఎ’ ఉంచాలనుకుంటే ‘ఎ టెన్-మినిట్ వాక్’. ‘మినిట్స్’ ఉంచాలనుకుంటే ‘ఎ’ తీసేసి, అపాస్ట్రఫీతో ‘టెన్ మినిట్స్’ వాక్’. రెండూ మంచి ఇంగ్లిషే. ‘ఎ’ కూడా ఉండి ‘ఎస్’ కూడా ఉండటమే కుదరదు. మొత్తం వ్యవహారంలో ఒక్క విషయమే గుర్తుంటుంది అనుకుంటే, ఈ ‘ఎ’ పరీక్ష గుర్తుపెట్టుకోమంటాను.

ఐదోది, ‘అప్లికెంట్స్ మస్ట్ బి 17 ఇయర్స్ ఓల్డ్’. దీన్ని ముట్టుకోకూడదు. అంకె మాట తర్వాత అది వర్ణించే నామవాచకం ఏదీ లేదు, క్రియ తర్వాత వచ్చిన మామూలు లెక్క ఇది. నియమం కొత్తగా నేర్చుకున్నవాళ్లు ఇక్కడ అత్యుత్సాహంతో ‘మస్ట్ బి 17-ఇయర్-ఓల్డ్’ అని దిద్దేస్తారు. నేర వార్తల్లో ‘ది విక్టిమ్ ఈజ్ 25-ఇయర్-ఓల్డ్’ అని కనిపించేదీ ఈ అతి దిద్దుబాటే. నామవాచకం ముందు వస్తే ‘ఎ 25-ఇయర్-ఓల్డ్ ఇంజనీర్’, రెండు హైఫన్లతో. క్రియ తర్వాత వస్తే ‘హి ఈజ్ 25 ఇయర్స్ ఓల్డ్’, ‘ఎస్’తో, హైఫన్ లేకుండా. ఆ మొత్తం మాటే మనిషిని సూచిస్తే ‘ఎ 25-ఇయర్-ఓల్డ్’, అలాంటివాళ్లు పలువురైతే ‘25-ఇయర్-ఓల్డ్స్’. ‘పాతికేళ్లవాడు’ బహువచనంలో ‘పాతికేళ్లవాళ్లు’ అయినట్టే, ఇక్కడ కూడా ‘ఎస్’ మాట చివరికి వచ్చి చేరింది.

ప్రాస్పెక్టస్‌లో మిగిలింది ‘ఎ 100 రూపీస్ స్టాంప్ పేపర్’. పైన చెప్పిన ప్రకారం ‘ఎ 100-రూపీ స్టాంప్ పేపర్’. రూపాయి గుర్తు వాడితే ‘ఎ ₹100 స్టాంప్ పేపర్’, హైఫన్ అవసరం లేదు. తూకాలు, కొలతల పొట్టి గుర్తులకూ ఇదే పద్ధతి. మాట మొత్తం రాస్తే ‘ఎ 25-కిలోగ్రామ్ బ్యాగ్’. పొట్టిగా రాస్తే అంకెకూ గుర్తుకూ మధ్య ఖాళీ వదిలి 25 kg అని రాయాలి. అంతర్జాతీయ ప్రమాణాల పద్ధతిలో ఈ గుర్తులకు బహువచనం అసలు లేదు. బియ్యం బస్తాల మీద కనిపించే kgs లోని ‘ఎస్’ ఎక్కడ రాసినా తప్పే.

‘ఎస్’ సంగతి ఎక్కువగా భాష తీరుకు సంబంధించింది. అది తప్పినా అర్థం చెడదు. హైఫన్ అలా కాదు, అది తప్పితే డబ్బు పోవచ్చు. కోళ్ల పరిశ్రమలో ‘డే-ఓల్డ్ చిక్’ అంటే హేచరీలో అప్పుడే పొదిగి బయటికొచ్చిన, ఒక్కరోజు పిల్ల. ‘100 డే-ఓల్డ్ చిక్స్’ అని ఆర్డరు రాస్తే ఒక్కరోజు పిల్లలు వంద కావాలని. హైఫన్ జరిగి ‘100-డే-ఓల్డ్ చిక్స్’ అయితే వంద రోజుల వయసు కోళ్లని. అప్పుడు ఎన్ని కావాలో ఆర్డరులో లేనే లేదు. ‘10’ దగ్గర ఇంకా చిక్కు. పది ఒక్కరోజు పిల్లలా, పది రోజుల పిల్లలా అన్నది హైఫన్ ఒక్కటే చెప్పాలి. ఒక్కరోజు పిల్లలకు మొదటి వారం బ్రూడర్ కింద సుమారు 35 డిగ్రీల వేడి ఉండాలి, తర్వాత వారం వారం తగ్గిస్తూ పోతారు. ఏ వయసు పిల్లలొస్తాయో తెలియకుండా షెడ్డు సిద్ధం చేసుకోలేరు.

లీజు కాగితాల్లో ఇది మరీ ప్రమాదం. ‘ట్వెంటీ ఫైవ్ ఇయర్ లీజెస్’ అని హైఫన్లు లేకుండా రాస్తే మూడు అర్థాలు తీయవచ్చు. ‘ట్వెంటీ ఫైవ్-ఇయర్ లీజెస్’ అంటే ఒక్కొక్కటి ఐదేళ్ల చొప్పున ఇరవై లీజులు. ‘ట్వెంటీ-ఫైవ్-ఇయర్ లీజెస్’ అంటే పాతికేళ్ల లీజులు, ఎన్నో తెలియదు. ‘ట్వెంటీ-ఫైవ్ ఇయర్ లీజెస్’ అంటే ఏడాది లీజులు పాతిక. న్యాయవాది దగ్గరికి వెళ్లేముందే సరిచూసుకోవాల్సిన చోటు ఇది. తెలివైన పని ఏమిటంటే, రెండు అంకెలు పక్కపక్కన వచ్చినప్పుడు ఒకదాన్ని అంకెలోనూ, రెండోదాన్ని అక్షరాల్లోనూ రాయడం: ‘20 ఫైవ్-ఇయర్ లీజెస్’. అప్పుడు ఎవరూ వేరేగా చదవలేరు.

పేజీలు ఎక్కువగా ఉంటే కంటితో వెతకడం కష్టం. స్పెల్‌చెక్ ఇక్కడ పెద్దగా పనికిరాదు, ఎందుకంటే ‘ఇయర్స్’ స్పెల్లింగులో తప్పు లేదు. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ లాంటి ఎడిటర్‌లో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ వెతుకులాట పెట్టుకుని ఈ వరుస ఇస్తే, అంకె తర్వాత ‘ఎస్’తో వచ్చిన కొలత, దాని వెనక ఇంకో మాట ఉన్న చోట్లు బయటపడతాయి.

```
\b(\d+|two|three|four|five|six|ten)[ -](years|months|days|minutes|rupees)[ -][a-z]+
```

అపాస్ట్రఫీ సరిగ్గా పెట్టినవి ఇందులో పడవు కాబట్టి సగం పని తగ్గుతుంది. ‘టూ ఇయర్స్ అగో’, ‘ఫైవ్ ఇయర్స్ ఓల్డ్’ లాంటి సరైనవి మాత్రం పడతాయి. అందుకే దొరికినవన్నీ ఒక్కసారిగా మార్చేయకండి, ఒక్కొక్కటీ చూసి ‘ఎ’ పరీక్ష పెట్టండి. మీ కాగితంలో ఎకరాలు, వారాలు ఉంటే ఆ మాటలను కూడా కుండలీకరణాల్లో చేర్చుకోండి. ఆ తర్వాత అదే వరుసలో కొలత మాటల ‘ఎస్’లు తీసేసి, హైఫన్ బదులు ఖాళీ మాత్రమే ఉంచి మరోసారి వెతికితే, హైఫన్ పెట్టడం మరిచిపోయినవి దొరుకుతాయి. వర్డ్‌లో పనిచేసేవాళ్లకు ఇంత అక్కర్లేదు. years, months, days అని ఒక్కో మాటా వెతుకుతూ పోతే చాలు.

దిద్దకూడనివి కొన్ని ఉన్నాయి. ‘టూ-థర్డ్స్ మెజారిటీ’లో ‘ఎస్’ ఉండాల్సిందే. రాజ్యాంగ సవరణకు 368వ అధికరణం కోరేది మూడింట రెండు వంతులు. ఇంగ్లిష్‌లో ‘టూ-థర్డ్స్’ అన్నది ఒకే భిన్నం పేరు, కొలత ముందు అంకె కాదు. మనవాళ్లు చాలామంది ‘టూ-థర్డ్ మెజారిటీ’ అంటారు, అది తప్పు. చరిత్ర పుస్తకాల్లోని ‘సెవెన్ ఇయర్స్’ వార్’ కూడా అపాస్ట్రఫీతో స్థిరపడిన పేరు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గరి చందుర్తిలో ఫ్రెంచివారితో ఆంగ్లేయులు, విజయనగరం సేనలు చేసిన యుద్ధం దానిలో భాగమే. దాన్ని ‘సెవెన్-ఇయర్ వార్’ అని దిద్దితే పాఠకుడు గుర్తుపట్టడు. పరుగు పందేల్లో ‘100 మీటర్స్’ అన్నది ఆ పోటీ పేరు, దాన్నీ అలాగే ఉంచుతారు.

మన ప్రణాళికా సంఘం పుస్తకాల మీద ‘ఫైవ్ ఇయర్ ప్లాన్’ అని హైఫన్ లేకుండానే అచ్చయింది. 1951లో మొదలైన మొదటి ప్రణాళిక నుంచి 2017లో ముగిసిన పన్నెండో ప్రణాళిక దాకా ‘ఎస్’ మాత్రం ఎప్పుడూ లేదు. ఆ పుస్తకం పేరు ఉదహరిస్తే వాళ్లు అచ్చువేసినట్టే రాయాలి. మీ సొంత వాక్యంలో ‘ఎ ఫైవ్-ఇయర్ ప్లాన్’ అంటే హైఫన్ పెట్టాలి. ఏదో ఒకటి తేల్చుకుని కాగితమంతా దాన్నే పాటించండి. ఎంత చూసినా తేలని చోట ‘ఆఫ్’ వేసి వాక్యం తిప్పి రాయండి. ‘టెన్ ఇయర్స్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్’ అంటే హైఫన్ అక్కర్లేదు, అపాస్ట్రఫీ అక్కర్లేదు, ఎవరూ తప్పు పట్టలేరు.